టెక్ సందేహాలు: ఫోన్ తనంతట తానే వాల్యూమ్ తగ్గించేస్తోంది, ఎందుకు?

ప్రశ్న: సార్, నేను ఐఫోన్‌తో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడతాను. వారానికి ఆరు రోజులు ఆఫీసుకు రానూపోనూ బస్సులో రెండు గంటలు పాటలు వింటాను. ఆఫీసులో రోజూ నాలుగు గంటలు కాల్స్ ఉంటాయి. ఈమధ్య ఫోన్ ‘వారం పరిమితి దాటింది’ అని నోటిఫికేషన్ పెట్టి, వాల్యూమ్ తనే తగ్గించేస్తోంది. బస్సులో 92 డెసిబెల్స్, ఆఫీసులో 74 చూపిస్తోంది. నాకైతే బాగానే వినిపిస్తోంది. దీన్ని ఆపేయడం ఎలా?

జవాబు: ఆపేసే దారి చివర్లో చెబుతాను. ముందు మీ ఫోన్ వేస్తున్న లెక్క చూడండి. నా ఉద్దేశంలో అది మీకు మేలే చేస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెట్టిన ప్రమాణం ప్రకారం, పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల వరకు వినొచ్చు. మొబైల్ డేటా ప్యాక్‌లాగే ఇదీ ఒక కోటా అనుకోండి. శబ్దం ఎంత పెద్దదైతే కోటా అంత త్వరగా ఖర్చవుతుంది. ఎంత త్వరగా అన్నదే చాలామందికి తెలియదు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా చెవిలోకి వెళ్లే శక్తి రెట్టింపవుతుంది, కాబట్టి వినగలిగే సమయం సగమవుతుంది. 80 దగ్గర 40 గంటలు ఉంటే 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5, 92 దగ్గర రెండున్నర గంటలే మిగులుతాయి.

చిక్కేమిటంటే ఈ తేడా చెవికి అంతగా తెలియదు. 3 డెసిబెల్స్ పెరిగితే ‘కాస్త పెరిగిందేమో’ అనిపిస్తుంది, అంతే. 80 నుంచి 92కి వెళ్తే మనకు రెండింతల కన్నా కొంచెం ఎక్కువ గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. శక్తి మాత్రం 16 రెట్లు పెరుగుతుంది. నొప్పి వస్తే ఆపేద్దాంలే అనుకోవడం కూడా పనికిరాదు. చెవి నొప్పి పెట్టేది దాదాపు 120 డెసిబెల్స్ దాటాకే. నష్టం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది.

ఇప్పుడు మీ వారం చూద్దాం. బస్సులో 92 దగ్గర వారానికి 12 గంటలు వింటున్నారు. ఉన్న కోటా రెండున్నర గంటలు. సోమవారం రానూపోనూ రెండు గంటలు పోతే, మంగళవారం ఉదయం ఎక్కిన అరగంటకే వారం కోటా అయిపోతుంది. శనివారం సాయంత్రానికి దాదాపు ఐదు వారాల మోతాదు చెవిలోకి వెళ్లినట్టు. అదే ఆఫీసు కాల్స్ చూడండి. 24 గంటలు మాట్లాడినా అది 74 దగ్గర కాబట్టి కోటాలో ఖర్చయ్యేది 15 శాతమే. ఎక్కువ గంటలు వాడేది ఆఫీసులో, ప్రమాదం మాత్రం బస్సులో. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, కాల్స్ తగ్గించుకునే ప్రయత్నంలో పడతారు.

పరిమితి దాటినంత మాత్రాన రేపే చెవుడు వచ్చేయదు. ఇది ఏళ్ల తరబడి పేరుకునే నష్టం, అందుకే కనిపించదు. లోపలి చెవిలో నత్త గుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా అనే భాగంలో, ఒక్కో చెవికి సుమారు 15 వేల కేశ కణాలు ఉంటాయి. ధ్వని కంపనాలను నరానికి అందే సంకేతంగా మార్చే ఏర్పాటులో ముఖ్యమైనవి అవే. చాలాసేపు పెద్ద శబ్దం పడితే అవి అలసిపోతాయి, మితిమీరితే చచ్చిపోతాయి. పక్షుల్లో ఇవి మళ్లీ పుడతాయి, మనుషుల్లో పుట్టవు.

అన్ని కణాలూ ఒకేసారి పోవు. ముందుగా దెబ్బతినేవి 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనులను పట్టేవి. మాటలో అచ్చుల బలం ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ, ఫ లాంటి హల్లుల సన్నటి ధ్వని పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. అందుకే మొదట పోయేది ‘వినడం’ కాదు. గొంతు వినిపిస్తూనే ఉంటుంది, మాట మాత్రం తేటగా అందదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇబ్బందేమీ ఉండదు కాబట్టి మనకు అనుమానమే రాదు. నలుగురూ మాట్లాడుకునే చోట మాత్రం ‘ఏంటీ?’ అని పదే పదే అడగాల్సి వస్తుంది. ‘నాకు బాగానే వినిపిస్తోంది’ అన్న మీ మాటను నేను పూర్తిగా నమ్మలేకపోవడానికి కారణం ఇదే. తేల్చుకోవాలంటే ఆడియోగ్రామ్ అనే పరీక్ష చేయించుకోవాలి. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవి గ్రాఫ్‌లో తరచుగా 4,000 దగ్గర గుంట పడి, 8,000 దగ్గర గీత మళ్లీ కొంత లేస్తుంది. వయసు వల్ల వచ్చే లోపంలో గీత సాధారణంగా పై ఫ్రీక్వెన్సీలకు పోయేకొద్దీ జారుతూనే ఉంటుంది.

ఇంకో మాయ ఉంది. పెద్ద శబ్దం విన్న రోజు చెవిలో దూది పెట్టినట్టు ఉండటం, గుయ్‌మని మోత రావడం, ఒకట్రెండు రోజుల్లో అంతా సర్దుకోవడం చాలామందికి అనుభవమే. సర్దుకుంది కదా, ఏమీ కాలేదులే అనుకుంటాం. అయితే అలా పరీక్షలో పూర్తిగా కోలుకున్నట్టు కనిపించిన ఎలుకల్లో కూడా, కేశ కణాలను నరానికి కలిపే అతుకులు కొన్ని చోట్ల సగం దాకా శాశ్వతంగా పోయాయని 2009లో అమెరికా పరిశోధకులు చూపించారు. మనుషుల్లో ఇది ఏ మేరకు జరుగుతుందన్నది ఇంకా తేలలేదు. కానీ బస్సు దిగాక మీ చెవిలో మోత వినిపిస్తే, ఆ రోజు మోతాదు ఎక్కువైందనే లెక్క.

సరే, బస్సులో 92 దాకా ఎందుకు పోతున్నారు? ఇంజిన్ మోతను మించి పాట వినిపించాలి కాబట్టి. అంటే తగ్గించాల్సింది పాటను కాదు, మోతను. ముందు మీ ఇయర్‌బడ్స్‌తో వచ్చిన రబ్బరు టిప్స్ అన్ని సైజులూ పెట్టి చూడండి. వదులుగా ఉంటే బేస్ జారిపోతుంది, బయటి మోత లోపలికొస్తుంది, మన వేలు వాల్యూమ్ మీదకు పోతుంది. సరిగ్గా అమరిన టిప్ పెడితే, పాట లేకుండానే చుట్టూ ఉన్న శబ్దం ఒక్కసారిగా వెనక్కి తగ్గినట్టు తెలుస్తుంది. ఆ తర్వాత నాయిస్ క్యాన్సలింగ్ ఆన్ చేయండి. ఇంజిన్ లాంటి ఆగకుండా వచ్చే కింది ఫ్రీక్వెన్సీ మోతను అది బాగా తగ్గిస్తుంది. పక్క సీటువాళ్ల కబుర్లను అంతగా ఆపలేదు, ఆ విషయంలో ప్రకటనలను నమ్మకండి. నాయిస్ క్యాన్సలింగ్ వల్లే చెవులు పాడవుతాయని కొందరు భయపడతారు. అది వాల్యూమ్ తగ్గించుకునే వీలు కల్పిస్తుంది, మీరు తగ్గించుకుంటేనే లాభం. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆపేయండి.

ఇవి చేసి బస్సులో 80 దగ్గరకు వస్తే చాలు. 12 గంటలకు 30 శాతం, కాల్స్‌కు 15 శాతం, మొత్తం 45. సగం కోటా కూడా ఖర్చు కాదు. గంటల్లో ఒక్క నిమిషం తగ్గించుకోవాల్సిన పని లేదు. దీన్ని ఖాయం చేసుకోవడానికి `Settings > Sounds & Haptics > Headphone Safety`లోకి వెళ్లి, పెద్ద శబ్దాలను తగ్గించే ఆప్షన్ ఆన్ చేసి స్లైడర్‌ను 80 దగ్గర పెట్టండి. ఒక జాగ్రత్త: ఫోన్ కంపెనీ సొంత ఇయర్‌బడ్స్ కాకపోతే ఆ డెసిబెల్ అంకె వాల్యూమ్‌ను బట్టి వేసిన అంచనా మాత్రమే. నాలుగైదు డెసిబెల్స్ అటూఇటూ ఉండొచ్చని అనుకునే వాడండి.

మీరు అడిగిన నోటిఫికేషన్ స్విచ్ కూడా అదే పేజీలో ఉంటుంది, కొన్ని దేశాల్లో దాన్ని ఆపనివ్వరు. 80 దగ్గరకు వచ్చాక ఆ నోటిఫికేషనే రాదు, ఇక ఆపే అవసరం ఏముంది?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఆన్‌లైన్ క్లాసుల కోసం ‘85 డెసిబెల్స్ లిమిట్’ ఉన్న పిల్లల హెడ్‌ఫోన్స్ కొన్నాం. ఇక ఎంతసేపు పెట్టుకున్నా ఫర్వాలేదు కదండీ?

జవాబు: ఫర్వాలేదని చెప్పలేనమ్మా. 85 అన్నది శబ్దం మధ్య పనిచేసే పెద్దవాళ్ల కోసం, రోజుకు 8 గంటల లెక్కన పెట్టుకున్న అంకె. పిల్లలకు ఇందాక చెప్పిన ప్రమాణం 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు అంటుంది. 85కి వెళ్తే శక్తి పది రెట్లు, కాబట్టి మిగిలేది వారానికి నాలుగు గంటలు. డబ్బా మీద ఈ రెండో ముక్క రాయరు.

పైగా కొన్ని మోడల్స్‌లో ఆ లిమిట్ ఉండేది కేబుల్‌లో. వేరే కేబుల్ గుచ్చితే లిమిట్ పోయినట్టే. టీచర్ మాటలకు అంత శబ్దం అవసరం కూడా లేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మీరే పెట్టుకుని, మాట స్పష్టంగా అందే కనీస వాల్యూమ్ ఎంతో చూసి ట్యాబ్‌లో అక్కడ ఆపండి. తర్వాత పాప పెట్టుకున్నప్పుడు చేయి చాపినంత దూరం నుంచి మామూలు గొంతుతో పిలవండి. పలికితే సరే. పలక్కపోతే ఇంకా తగ్గించాలి. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేనప్పుడు స్పీకర్‌లోనే క్లాసు విననివ్వండి.

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెసిబెల్స్ చూపించడం లేదు. 60 శాతం వాల్యూమ్, 60 నిమిషాలు అనే రూల్ పాటిస్తే సరిపోతుందా?

జవాబు: ఏమీ తెలియనప్పుడు ఆ రూల్ మంచిదే. కానీ 60 శాతం అంటే దేంట్లో 60 శాతం? ఒకే ఫోన్‌కు రెండు రకాల ఇయర్‌ఫోన్స్ పెడితే, అదే గీత దగ్గర ఒకటి మెల్లగా, ఇంకోటి గట్టిగా మోగుతుంది. కొత్త ఇయర్‌ఫోన్స్ కొన్న ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది.

దానికన్నా ఇలా చేయండి. రాత్రి ఇంట్లో సద్దుమణిగాక, వాల్యూమ్ సున్నా నుంచి ఒక్కో మెట్టూ పెంచుతూ పాట హాయిగా వినిపించే చోట ఆగండి. అది ఎన్నో మెట్టో గుర్తుపెట్టుకోండి. బయటకు వెళ్లినప్పుడు దానికి ఒకటి రెండు మెట్లకు మించి పెంచాల్సి వస్తే, వాల్యూమ్ కాకుండా టిప్స్ మార్చాలని అర్థం. శాంసంగ్ ఫోన్ అయితే `Settings > Sounds and vibration > Volume`లో మూడు చుక్కలు నొక్కి `Media volume limit` ఆన్ చేసి, ఆ మెట్టు దగ్గరే తాళం వేయొచ్చు. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌ను ఇయర్‌బడ్ దగ్గర పెట్టి కొలిచే ప్రయత్నం మాత్రం వద్దు. బడ్ చెవిలో బిగుసుకున్నప్పుడు వచ్చే శబ్దం, గాలిలో పట్టుకున్నప్పుడు మైక్‌కు వినిపించే శబ్దం వేరువేరు. ఆ అంకె దాదాపు ఎప్పుడూ తక్కువే చూపించి ధైర్యం చెబుతుంది.

ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం సెట్టింగ్స్ వెతకొద్దు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఆ సమస్యకు మందు మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ.