ఫొటో బాగుంది సరే, ముద్ర ఏదీ?

ప్రశ్న: డిసెంబరు 24న మా ఊళ్లో వినియోగదారుల దినోత్సవం జరుపుతున్నాం. ఆన్‌లైన్‌లో బ్రాండెడ్ వస్తువు కొనేముందు ఫొటో చూసి అసలుదో నకిలీదో ఎలా పసిగట్టాలో ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. పెద్ద చదువులు లేనివాళ్లకు కూడా తెలిసేలా ఏం చెప్పమంటారు?
– ఓ పొదుపు సంఘం సభ్యురాలు

జవాబు: చెప్పులు, ఫోన్లు, చీరలు, క్రీములు అన్నీ ఒకే ఉపన్యాసంలో కూరకండి. ఒక్క వస్తువు పట్టుకోండి. నన్నడిగితే ప్రెషర్ కుక్కర్ అంటాను. దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది, సభకు ఎవరో ఒకరు తేగలరు, పైగా ఐఎస్ఐ ముద్ర లేని కుక్కర్‌ను అమ్మడం చట్టరీత్యా కుదరదు. నకిలీదైతే పోయేది డబ్బొక్కటే కాదు. లోపల నీళ్లు ఇంకిపోయి వేడి పెరిగినప్పుడు సేఫ్టీ వాల్వ్‌లోని లోహం కరిగి ఆవిరిని వదిలేయాలి. అక్కడ నాసిరకం లోహం పెడితే కరగాల్సిన వేళకు కరగదు, కుక్కరే పేలే ప్రమాదం ఉంటుంది.

ఇలాంటి సభల్లో అందరూ మొదట చెప్పేది గూగుల్ లెన్స్ గురించి. ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ ఫొటోస్‌లో తెరిచి, లెన్స్ గుర్తు నొక్కి, చుట్టూ ఉన్న గీతలను కుక్కర్ వరకే జరపాలి. ఇంతవరకూ బాగానే చెబుతారు. ఆ తర్వాత “ఇదే ఫొటో పది చోట్ల కనిపిస్తే దొంగ సరుకే” అంటారు. అది తప్పు. కంపెనీ తీయించిన ఫొటోలనే నిజమైన డీలర్లూ పెట్టుకుంటారు, దొంగలూ పెట్టుకుంటారు. ఎన్ని చోట్ల ఉందన్నది కాదు, ఎక్కడ తేడా కొడుతోందన్నది చూడాలి. ఫేస్‌బుక్ ప్రకటనలో ఓ పేరున్న బ్రాండు 5 లీటర్ల కుక్కర్ 499 రూపాయలకు కనిపించిందనుకోండి. లెన్స్‌లో వెతికితే అదే ఫొటో, అదే నీడ, పిడి మీద మెరుపు కూడా అదే. కానీ ఒకచోట ఇంకో బ్రాండు పేరుంది, మరోచోట 3 లీటర్లని ఉంది, వేరొకచోట పిడి మీద అసలు పేరే లేదు. ఫొటో ఎక్కణ్నుంచో తెచ్చి పేరు అతికించారన్నమాట. ఇక ఆ ప్రకటన జోలికి పోవద్దు. తేడా ఏదీ కనిపించకపోతే మాత్రం సరుకు మంచిదని అర్థం కాదు, లెన్స్‌తో తేలేది అంతవరకే.

అసలు పరీక్ష ముద్ర దగ్గర మొదలవుతుంది. సభలో తెచ్చిన కుక్కర్‌ను చేతికిచ్చి ఐఎస్ఐ ముద్ర వెతకమనండి. ముద్రకు పైన IS 2347 అని ఉండాలి. అది ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్ల ప్రమాణం నంబరు. కింద CM/L అని, దాని పక్కన అంకెలు ఉండాలి. అది తయారీదారు లైసెన్సు నంబరు. పైనా కిందా ఏ నంబరూ లేని ఉత్త ముద్ర ఎవరైనా అచ్చుకొట్టుకోగలరు. వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో అమ్మేవాడైతే ఈ ముద్రను దగ్గర్నుంచి తీసి పంపమనాలి. అంకెలు మసకగా వస్తే HD నొక్కి మళ్లీ పంపమనండి.

అంకెలు దొరికాక ఐఎస్ఐ ముద్రకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి BIS Care యాప్‌లో Verify Licence Details తెరిచి వాటిని కొట్టాలి. నంబరు ఉందా లేదా అని చూసి ఊరుకుంటారు చాలామంది. లైసెన్సు ఇప్పుడు అమల్లో ఉందా, కంపెనీ పేరూ ఊరూ డబ్బా మీద ఉన్నవేనా, మీకు అమ్ముతున్న బ్రాండు ఆ లైసెన్సు కింద ఉందా, అసలు ఆ లైసెన్సు కుక్కర్లకేనా అన్నది చూడాలి. మిక్సీ లైసెన్సు నంబరు తెచ్చి కుక్కర్ మీద కొట్టినా యాప్ “ఉంది” అనే చూపిస్తుంది కదా!

ఇన్నీ సరిపోయినా ఒక సందు మిగులుతుంది. అసలు కుక్కర్ ముద్రను ఫొటో తీసి పంపి, పార్శిల్‌లో వేరేది పెట్టొచ్చు. అందుకే కాగితం మీద ఆ రోజు తేదీ, మీ ఊరి పేరు రాసి కుక్కర్ పక్కన పెట్టి తీయమనండి. దాంతో వస్తువు వాడి చేతిలో ఉందని మాత్రం తెలుస్తుంది. అది కూడా కుదరదంటే బేరం అక్కడితో ఆపేయాలి. ఫొటో పంపినా సరే, వస్తువు చూశాకే డబ్బివ్వండి.

ఇక నన్ను ఎక్కువ భయపెట్టేది నకిలీ కుక్కర్ కాదు. ముద్ర ఫొటో అడగ్గానే అవతలివాడు “క్లియర్‌గా ఉంటుంది, ఫైల్ పంపుతున్నా, తెరవండి” అంటాడు. వచ్చేది cooker_photo.jpg.apk. మధ్యలో jpg కనిపించింది కదాని నొక్కుతారు. పేరులో చూడాల్సింది చిట్టచివరి ముక్క. apk అంటే అది ఫొటో కాదు, ఫోన్లో ఎక్కే యాప్. నిజమైన ఫొటో అయితే చాట్‌లోనే బొమ్మగా కనిపిస్తుంది, దేన్నీ ఇన్‌స్టాల్ చేయమనదు. తెలియని యాప్‌లకు అనుమతివ్వాలని ఫోన్ అడిగిందంటే అక్కడే వెనక్కి రావాలి. ఎక్కించి, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కూడా ఇచ్చేస్తే బ్యాంకు ఓటీపీలు మీకంటే ముందు వాడికి అందుతాయి. పొరపాటున ఎక్కిస్తే ముందు డేటా, వైఫై ఆపాలి, ఆ యాప్ తీసేయాలి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. “ఫొటో డాక్యుమెంట్‌గా పంపండి” అని, అలాగైతే స్పష్టంగా వస్తుందని కొందరిచ్చే సలహా నేను ఇవ్వనిది ఇందుకే. ఆ దారినే ఈ ఫైళ్లు వస్తాయి. మీ సభలో ఐదు నిమిషాలు దీనికే కేటాయించండి.

పెద్ద షాపింగ్ యాప్‌లలో కొంటే ఈ బాధ లేదనుకునేవాళ్లకు ఒక మాట. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ప్రమాణాలకు తగని కుక్కర్లను అమ్మనిచ్చినందుకు పేరున్న సైట్లకే లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. అక్కడ అమ్మకందారును ఫొటో అడగలేం కాబట్టి కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలే దిక్కు. ఒకటి, రెండు నక్షత్రాలిచ్చినవాళ్ల ఫొటోలు ముందు చూడండి. రంగులు, సైజులు వేరైన వస్తువుల రివ్యూలన్నీ ఒకేచోట కలిపేసే యాప్‌లున్నాయి. 4.3 అని మెరుస్తుంది, ఫొటోల్లోకి వెళితే సగం ఇంకో మోడల్‌వి. ఎమ్మార్పీ, తయారీదారు చిరునామా, ఏ దేశపు సరుకో పేజీలో చూపాలని నిబంధన ఉంది. చూపుతారు, నాలుగు మెనూల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. రాయితీని మాత్రం ఎర్రటి రంగులో తెరంతా పరుస్తారు. ఇది చేతకాక చేసిన డిజైన్ అంటే నేను నమ్మను.

ఆర్డర్ పెట్టేముందు ఆ పేజీని, ఆ చిరునామా భాగాన్ని కూడా కలిపి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమనండి. గొడవ మొదలయ్యేసరికి పేజీలో ఫొటోలు మారిపోవచ్చు. పార్శిల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ముద్ర కనిపించేదాకా ఆపకుండా వీడియో తీయాలి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తే ఈ రెండూ అక్కరకొస్తాయి. సభ జరిగేచోట సిగ్నల్ సరిగా ఉండదనుకుంటే BIS Care ముందురోజే ఎక్కించుకుని, ఒక నంబరు కొట్టి చూసి, ఆ తెరను కూడా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.