బోర్డు మీద ఒక రేటు, బిల్లుల ఇంకోటి, బ్యాంకుల మరోటి ఎందుకు?

ప్రశ్న: మా పొదుపు సంఘం మీటింగుకు బ్యాంకు సారు వచ్చి బంగారం రేటు బోర్డు ఎట్ల చూడాలో చెప్పిండు. 22 క్యారెట్ల రేటును గ్రాములతోని గుణించుమన్నడు. అట్ల లెక్కేసుకోని పోతే దుకాణంల బిల్లు ఎక్కువొచ్చింది. అదే గొలుసు బ్యాంకుల పెట్టబోతే విలువ తక్కువ కట్టిన్రు. ఎవరిది మోసం?
– సంఘం సభ్యురాలు, దేవరకొండ మండలం

జవాబు: మోసం ఎవరిదీ కాకపోవచ్చమ్మా. ఆ సారు చెప్పిన గుణకారం కూడా సరైనదే. అయితే బోర్డు చెప్పేది ఒట్టి బంగారం ధర మాత్రమే. నగకు మీరు కట్టే ధర దానికి పైన ఉంటుంది, నగ మీద మీకొచ్చే అప్పు దానికి కింద ఉంటుంది.

ముందు బోర్డు సంగతి. 24 క్యారెట్లంటే మేలిమి బంగారం, బిస్కెట్ల ధర. నగలు ఎక్కువగా 22 క్యారెట్లలో చేస్తారు, అంటే వెయ్యిలో 916 పాళ్లు బంగారం. నగ మీద ఉండే 916 గుర్తు ఇదే. కాబట్టి మీరు చూడాల్సింది 22 వరసే. అది గ్రాము రేటా, పది గ్రాముల రేటా అన్నది కూడా చూడండి. ఇప్పుడు దుకాణాల్లో తులమంటే పది గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు ఉండేది. అందుకే అమ్మమ్మల నాటి నగలకు తులాల లెక్క వదిలేసి గ్రాముల్లో తూయించుకోవడం మేలు.

ఇక కొనేటప్పటి లెక్క. సులువుగా ఉండడానికి 22 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలనుకుందాం. రెండు తులాల గొలుసుకు బంగారం విలువ 2,00,000. దీని మీద తరుగు, మజూరి పడతాయి. బిల్లులో వీఏ అని రాసేది వీటినే. ఇది పది శాతమైతే ఇంకో 20,000. మొత్తం 2,20,000 మీద మూడు శాతం జీఎస్టీ 6,600. మీ చేతి నుంచి పోయేది 2,26,600. హాల్‌మార్కు రుసుము వేరే ఉంటుంది గానీ అది చిన్న మొత్తమే. కొన్ని బిల్లుల్లో తరుగును రూపాయల్లో చూపించకుండా బరువులోనే కలిపేస్తారు. మెడలో ఉన్నది 20 గ్రాములు, కాగితం మీద 22 గ్రాములు! బేరం ఆడాల్సింది ఈ తరుగు దగ్గరే. బోర్డు రేటు మీద దుకాణదారుడు పెద్దగా తగ్గడు, తరుగులో తగ్గుతాడు. ఈ డబ్బు, జీఎస్టీ మళ్లీ చేతికి రావు. ఆ గొలుసును అమ్మి పెట్టిన డబ్బు వెనక్కి తెచ్చుకోవాలంటే బోర్డు మీద గ్రాము 11,330 దాకా పెరగాలి. దాచుకోవడానికే కొన్నారనుకుంటే, పనితనం ఎక్కువున్న గొలుసు కన్నా సాదా గాజులే నయమంటాను.

బ్యాంకులో ఎందుకు తగ్గింది? బ్యాంకు మీ ఊరి దుకాణం బోర్డు చూడదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గత 30 రోజుల ముగింపు ధరల సగటు, నిన్నటి ముగింపు ధర – ఈ రెండింట్లో ఏది తక్కువో అది తీసుకోవాలి. రేటు పెరుగుతున్న నెలలో సగటే తక్కువ ఉంటుంది. అది 9,800 అనుకుంటే మీ గొలుసు విలువ 1,96,000. తరుగు, మజూరి, జీఎస్టీలకు ఇక్కడ విలువ లేదు. రాళ్లు, నల్లపూసలు, గుండ్లలో నింపిన లక్క బరువు కూడా తీసేస్తారు. బరువు దగ్గర తేడా వచ్చిందనిపిస్తే ముందు అనుమానించాల్సింది వీటినే.

ఆ విలువ మొత్తం అప్పుగా రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే నిబంధనల్లో, ఇంటి అవసరాలకు తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపైతే విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే 1,66,600. అది గరిష్ఠ పరిమితే, అంత ఇచ్చి తీరాలని లేదు.

ఇంకో మెలిక ఉంది. ఏడాది తర్వాత అసలు, వడ్డీ ఒకేసారి కట్టే అప్పయితే, ఆ రోజు కట్టాల్సిన మొత్తం ఈ 85 శాతం దాటకూడదు. వడ్డీ తొమ్మిది శాతమనుకుంటే ఇవాళ చేతికొచ్చేది సుమారు 1,52,800 మాత్రమే. నెలనెలా వడ్డీ కట్టే పద్ధతిలో ఈ కోత ఉండదు. మీ సంఘంలో నెలవారీ కిస్తీలు అలవాటే కదా, బ్యాంకులో ఆ పద్ధతి ఉందేమో అడగండి.

మళ్లీ వెళ్లినప్పుడు నగను పరీక్షించేటప్పుడు పక్కనే కూర్చోండి, అది మీ హక్కు. మొత్తం బరువెంత, తీసేసిందెంత, నికర బరువెంత, ఎన్ని క్యారెట్లు కట్టారు – ఇవన్నీ రాసిన కాగితం ఇమ్మనండి. బిల్లు మీది 916, ఆ కాగితం మీది క్యారెట్లు కలవకపోతే అప్పుడు అనుమానించాల్సింది దుకాణాన్ని. నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల నంబరు ఉంటుంది. ఫోన్లో BIS Care యాప్‌లో ఆ నంబరు కొడితే ఆ నగ స్వచ్ఛత ఎంతని నమోదైందో కనిపిస్తుంది.