మెట్ల మీద గొంతు తగ్గిన పిల్ల

అమ్మలూ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగింది నాకు బాగా గుర్తుండిపోయింది. "పిన్నీ, నా ఫ్లోర్‌లో నూట పది మంది ఆడపిల్లలు, అందరూ గుడ్ మార్నింగ్ మేడం అనే అంటారు, అందులో ఎవరికి ఏదో అయింది అని నాకెలా తెలుస్తుంది" అన్నావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయా, మీ బాబాయ్ టీవీ సౌండ్ ఒకటి. అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. పొడుగైతే సర్దుకో.

ఇంటర్ హాస్టల్‌లో పంతొమ్మిదేళ్ళు వార్డెన్‌గా చేశా కదా, ముందు ఒకటి చెప్తా. పొద్దున్న ఐదింటి బెల్లు కొట్టాక ఏ పిల్ల ఎలా పలికినా లెక్కలోకి తీసుకోకు. ఆ టైంకి అందరూ డల్లే, నిద్ర కళ్ళు, బాత్‌రూమ్ దగ్గర లైను, చేతిలో బకెట్టు. వీక్లీ టెస్ట్ మార్కులు బోర్డు మీద పెట్టిన రోజు కూడా అంతే, సగం ఫ్లోర్ మూగనోము పట్టినట్టు ఉంటుంది, మర్నాటికి మామూలైపోతారు. నువ్వు చెవి పెట్టాల్సింది సాయంత్రం స్నాక్స్ అయ్యాక, స్టడీ అవర్‌కి ముందు ఉండే ఆ ముప్పావుగంట. అప్పుడు ఎవరి గొంతు వాళ్ళకి ఉంటుంది.

ఇంకోటి, పిల్లని పక్క పిల్లతో పోల్చొద్దు, ఆ పిల్లని ఆ పిల్లతోనే పోల్చాలి. కొంతమంది పుట్టుకతోనే నెమ్మది, తల ఊపి వెళ్ళిపోతారు, అది వాళ్ళ గుడ్ ఈవినింగ్, వాళ్ళని పట్టుకుని ఏమైందమ్మా ఏమైందమ్మా అంటే విసుగొస్తుంది. అందుకే మొదటి రెండు వారాలు ఊరికే విను, ఎవరు పరిగెత్తుకొచ్చి చెప్తారు, ఎవరు పేరు పెట్టి అడిగితేనే పలుకుతారు, ఎవరు ఫ్రెండ్ వెనకాల నిలబడి చెప్తారు. అది మనసులో ఉంటేనే మార్పు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. గొంతు తగ్గినంత మాత్రాన మాట్లాడాలని ఉన్నట్టు కాదు. ఒంట్లో బాలేకపోవచ్చు, నెలసరి అయ్యుండొచ్చు, నిజంగానే ఎవరితో మాట్లాడబుద్ధి కాకపోవచ్చు. డల్‌గా పలికి వెళ్ళిపోయిన పిల్లని వెళ్ళనివ్వు, మర్నాడు ఒకసారి చూడు చాలు. డల్‌గా పలికి కూడా అక్కడే నిలబడిన పిల్ల ఉంటుంది చూడూ, ఆ పిల్ల కోసం చేతిలో పని పక్కన పెట్టాలి. ఎలా నిలబడుతుందంటే, మెనూ గోడ మీద అంటించి ఉన్నా "మేడం ఇవాళ కర్రీ ఏంటి" అని అడుగుతుంది, చెప్పాక కూడా కదలదు, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ ఉంటుంది, లేకపోతే "ఏం లేదు మేడం, ఊరికే వచ్చా" అంటుంది. మన ఇళ్ళల్లో ఊరికే ఫోన్ చేశా అన్న మనిషి ఊరికే చేయడం ఎంత తక్కువో నీకు తెలుసుగా. ఇదీ అంతే.

నేను దీన్ని ఒక పిల్ల దగ్గర మొదట తప్పు చేసి నేర్చుకున్నా, అది చెప్తా.

ఫస్టియర్ బైపీసీ పిల్ల, ఒంగోలు వైపు నుంచి వచ్చింది. మెట్లు దిగుతూ పైనుంచే "మేడమ్మ్ గుడ్ ఈవినింగ్" అని అరిచేది, కింద ఆఫీసు దాకా వినపడేది. దసరా సెలవలకి ఇంటికెళ్ళొచ్చాక ఆ అరుపు ఆగిపోయింది. మూడో రోజు సాయంత్రం నా టేబుల్ దగ్గరికొచ్చి, రిజిస్టర్ వంక చూస్తూ "ఆ... గుడ్ ఈవినింగ్ మేడం" అంది. ఏంటమ్మా అంటే తలనొప్పి అంది. నేను ఔటింగ్ రిజిస్టర్ రాస్తున్నా, పేరెంట్స్ గేట్ దగ్గర వెయిటింగ్, డ్రాయర్‌లోంచి ఒక టాబ్లెట్ తీసిచ్చి నీళ్ళు బాగా తాగు అని పంపేశా. అక్కడే పొరపాటు పడ్డా, తలనొప్పి అన్న మాట విన్నా గానీ ఆ "ఆ..." వినలేదు.

మర్నాడు అదే టైంకి మళ్ళీ వచ్చింది, టాబ్లెట్ ఉందా మేడం అని. ఇస్తుంటే చున్నీ కొంగు చివర చిన్న ముడి కనపడింది, అందులో నిన్న నేనిచ్చిన టాబ్లెట్టే, కత్తిరించిన రేకుతో సహా, అలాగే ఉంది. అప్పుడు తట్టింది నాకు, ఈ పిల్లకి కావాల్సింది మందు కాదు, నా దగ్గరికి రావడానికి ఒక వంక కావాలి అని.

ముడి గురించి ఎత్తలేదు, ఎత్తితే సిగ్గుపడి పారిపోయేది. మెస్‌లో పొద్దున్నకి కరివేపాకు దూయాలి అని పెద్ద కట్ట తెచ్చి వరండాలో వేసుకుని, కాస్త సాయం చెయ్యమ్మా అన్నా. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చున్నాం, చూపులు ఆకు మీద. ఇది గుర్తుపెట్టుకో అమ్మలూ, కళ్ళలోకి చూస్తూ చెప్పమంటే పెద్దవాళ్ళకే నోరు రాదు, చేతిలో పని ఉంటే మాట దానంతట అదే జారుతుంది. ఐదారు రెబ్బలు దూశాక నేను అడిగింది ఒక్కటే, "ఈసారి నాన్న బండి మీద దింపారా" అని. చాలాసేపు ఏం అనలేదు, నేనూ అనలేదు. ఆ గ్యాప్‌లో మనకి నోరు ఊరుకోదు, ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది, అప్పుడే ఆగాలి. తర్వాత మెల్లగా "బాబాయ్ దింపాడు మేడం" అంది, ఇంకాసేపటికి మిగతాదంతా వచ్చింది. అమ్మ రెండు నెలల్నుంచి అమ్మమ్మ వాళ్ళింట్లో ఉంటోందంట, చదువు పాడవుతుందని ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదంట, సెలవలకి ఇంటికెళ్ళి తాళం చూసి తెలుసుకుందంట.

నా నోటి చివరిదాకా వచ్చింది, అవన్నీ పెద్దవాళ్ళు చూసుకుంటార్లే నువ్వు బుద్ధిగా చదువుకో అని. అన్నానంటే అక్కడితో అయిపోయేది, సరే మేడం అని లేచి వెళ్ళిపోయేది. దానికి బదులు నాకు అర్థమైంది నేను చెప్పా, "నీకు చెప్పకుండా దాచారని కదమ్మా బాధ" అని. తల అడ్డంగా ఊపింది. "దాచినందుకు కాదు మేడం, ఆదివారం ఫోన్ ఎవరికి చెయ్యాలో తెలీట్లేదు" అంది. చూడు, నేను తప్పుగా అనుకున్నా ఫర్వాలేదు, నేను వింటున్నా అని తెలిసింది కాబట్టి తనే సరిదిద్దింది. అప్పట్లో మా హాస్టల్‌లో ఆదివారం ఒక్క నంబర్‌కి పది నిమిషాలే. అమ్మకి చేస్తే నాన్న బాధపడతాడు, నాన్నకి చేస్తే అమ్మ ఏడుస్తుంది, ఆదివారం వస్తోందంటే కడుపులో నొప్పి ఆ పిల్లకి. నేను ఊహించిన పెద్ద కష్టం పక్కన, తనని రోజూ తింటున్నది ఆ చిన్న విషయం.

అప్పుడు అడిగా, "నన్నేమైనా చెయ్యమంటావా, వింటే చాలా?" అని. ఈ ప్రశ్న అడక్కుండా ఎప్పుడూ పరిష్కారంలోకి దూకకు, కొంతమందికి వింటే చాలు, నువ్వు వాళ్ళింటికి ఫోన్ కొట్టేస్తే ఇంకెప్పుడూ నీ దగ్గరికి రారు. ఈ పిల్ల మాత్రం రెండు నంబర్లకి చేసుకోవచ్చా అంది. ఐదు నిమిషాలు అమ్మకి, ఐదు నిమిషాలు నాన్నకి, అంతే. మర్నాడు మెట్ల కింద నేనే ముందు గుడ్ ఈవినింగ్ చెప్పా, నిన్నటి సంగతి ఎత్తలేదు. చెప్పుకున్న మర్నాడు పిల్లలకి మొహం చెల్లదు, ఎందుకు చెప్పానా అని ఉంటుంది, మనం మామూలుగా ఉంటే వాళ్ళూ మామూలవుతారు.

ఇక మాటల విషయం. నలుగురిలో "ఏంటి డల్‌గా ఉన్నావ్" అనకు, దానికి ఏం లేదు మేడం తప్ప వేరే జవాబు రాదు, పైగా పక్క పిల్లలంతా మొహం వంక చూస్తారు. పక్కకి వచ్చినప్పుడు నువ్వు గమనించింది చెప్పు, "రెండ్రోజుల్నుంచి మెట్ల మీద నీ గొంతు వినపడట్లేదు" అని. ఆ తర్వాత "రాత్రి తొమ్మిదిన్నర దాకా నేను రూమ్‌లోనే ఉంటా" అని చెప్పి వదిలెయ్. వస్తే వస్తుంది. రాకపోతే రెండోసారి అడుగు, మూడోసారి మాత్రం వద్దు, రూమ్మేట్స్‌ని కనిపెట్టమని అసలే వద్దు, అది గంటలో ఫ్లోరంతా పాకుతుంది.

నిజంగా టైం లేకపోతే తర్వాత చూద్దాం అనకు, టైం చెప్పు. "ఎనిమిదింపావుకి రా" అని చెప్పి, ఎనిమిదింపావుకి ఆ పిల్ల రాకపోతే నువ్వే వెళ్ళు. వంద మందిలో నేను గుర్తుంటానా అనే అనుమానంతోనే రాదు.

ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తా అంటారు కొందరు. ఒట్టు వెయ్యకు. "నీ ప్రాణానికి ప్రమాదం లేనంతవరకు నా దగ్గరే ఉంటుంది" అను. ఎందుకంటే ఒక్కోసారి మాట వేరే చోటికి వెళ్తుంది, నేను లేకపోతే అందరికీ హాయి అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం ఇలాంటివి. అప్పుడు చుట్టూ తిప్పకుండా "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా" అని సూటిగా, మెత్తగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళు భయపడతారు, అలా జరగదు, అడిగారని ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఆ రాత్రి ఒక్క నిమిషం ఒంటరిగా వదలకు, ప్రిన్సిపాల్‌కి, ఇంట్లోవాళ్ళకి వెంటనే చెప్పు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. 14416 టెలీ మానస్ నంబర్ నీ ఫోన్‌లో సేవ్ చేసుకో, గవర్నమెంటు వాళ్ళది, ఫ్రీ, రాత్రీపగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. అక్కడి నుంచి అది నువ్వొక్కదానివే మొయ్యాల్సిన పని కాదు.

ఇంకో సంగతి. ఆదివారం నువ్వు ఫోన్ ఎత్తగానే ఎప్పట్లా "పిన్నోయ్" అనలేదు, "ఆ పిన్నీ..." అన్నావు. పిల్లల గురించి అడిగావు, చెప్పా, అయిపోయింది అనుకుంటే మళ్ళీ తిన్నావా అన్నావు, ఇంకాసేపటికి మళ్ళీ తిన్నావా అన్నావు. టీవీ గోలలో అప్పుడు పట్టించుకోలేదు, రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. రేపు రాత్రి మీ పిల్లలు పడుకున్నాక, పదింటికి నేనే చేస్తా. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే ఆ హాస్టల్ సాంబార్ గురించే మాట్లాడుకుందాం. మీ బాబాయ్‌కి ఇప్పుడే చెప్పేశా, రేపు పదింటికి టీవీ కట్టెయ్యమని.

మీ పిన్ని