అద్దె ఇంటికి రంగులు, పైపులు: 62,000 కొటేషన్ నిజంగా చవకేనా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాకో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉందండి. పదహారేళ్ల పాతది. నెలకు 24,000 అద్దె వచ్చేది, పోయిన నెలే ఖాళీ అయింది. బాత్‌రూమ్‌ను ఆనుకున్న బెడ్‌రూమ్ గోడ చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతోంది. ఇల్లంతా రంగులకూ ప్లంబింగ్‌కూ కలిపి ముగ్గురు 62,000, 88,000, 1,18,000 చెప్పారు. మేముండేది రాజమండ్రిలో, రోజూ వెళ్లి చూసుకోలేం. తక్కువ చెప్పినతనికి ఇచ్చేయొచ్చా? కొటేషన్లు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మూడు కొటేషన్లూ చదివానండి. నేను అడగమన్న ప్రశ్నలకు ముగ్గురూ మీకు ఫోన్లో చెప్పిన జవాబులు కూడా చూశాను. తక్కువ చెప్పినతనికి ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. ఎందుకంటే ఆ ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పలేదు.

మొదటి కొటేషన్‌లో ఉన్నది ఒక్కటే వాక్యం: ‘ఫుల్ పెయింటింగ్, ప్లంబింగ్ రిపేర్’. మీరు విడమరచి అడిగేసరికి అసలు సంగతి బయటపడింది. సీలింగ్ అందులో లేదు. తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు ఎనామిల్ లేదు. పెచ్చులు ఊడినచోట పుట్టీ పూస్తారట కానీ ప్రైమర్ వెయ్యరు. ప్లంబింగ్ అంటే అతని లెక్కలో కుళాయిలు, వాషర్లు మార్చడం. గోడ లోపలి పైపు సంగతి ‘పని మొదలెట్టాక చూసి చెప్తాం’ అన్నాడు. మీ ఇంటి అసలు జబ్బు అదే కదండీ! ఆ కాలం ఇళ్లలో గోడల్లో చాలాచోట్ల జీఐ పైపులే ఉండేవి. అవి లోపల తుప్పుపట్టి జాయింట్ల దగ్గర సన్నగా కారుతుంటాయి. ఆ కారడం ఆగకుండా గోడకు ఎంత మంచి రంగు వేసినా, కొద్ది నెలల్లో ఉప్పు పొంగి మళ్లీ ఊడిపోతుంది.

వదిలేసినవన్నీ కలిపితే ఎంతవుతుందో అతన్నే అడిగారు, మంచి పని చేశారు. సీలింగ్‌కు 9,000, తలుపులు, గ్రిల్స్‌కు 8,000, ప్రైమర్, అదనపు పుట్టీకి 7,000, గోడ కొట్టి సీపీవీసీ పైపు వేసి మళ్లీ టైల్స్ అతికించడానికి 14,000. మొత్తం 38,000. అంటే 62,000 కాస్తా లక్ష రూపాయలైంది.

రెండో అతను రంగులకు 56,000, ప్లంబింగ్‌కు 32,000 అని విడివిడిగా రాశాడు. పైపు మార్చడం అందులోనే ఉంది. గ్రిల్స్ మాత్రం లేవు, వాటికి 6,000 కలిపితే 94,000. మూడో కొటేషన్‌లో 18,000 జీఎస్టీ. అసలు పని లక్షే. పైగా అతను లగ్జరీ ఎమల్షన్ రాశాడు. అద్దె ఇంటికి అది అక్కర్లేదండి. అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా ఎలాగూ రంగులు వేయిస్తాం కనుక కడిగితే తుడుచుకుపోని మామూలు ఎమల్షన్ చాలు. డబ్బు పెట్టాల్సింది పుట్టీ, ప్రైమర్, పైపుల మీద. ఆ ఒక్క మార్పుతో అతను జీఎస్టీతో సహా 1,04,000కు దిగాడు.

ఇప్పుడు మూడూ ఒకే కొలతకు వచ్చాయి. దీనికి ఖాళీ రోజుల అద్దె కలపాలి. మీ ఇల్లు ఒక్కరోజు ఖాళీగా ఉంటే 800 పోయినట్టే. మొదటి అతను ముందు ‘వారం పది రోజులు’ అన్నా, పెరిగిన పనికి 25 రోజులు అడిగాడు. అంటే 20,000 అద్దె పోతుంది, మొత్తం 1,20,000. రెండో అతనికి 18 రోజులు, 14,400 కలిపితే 1,08,400. మూడో అతనికి 12 రోజులు, 9,600 కలిపితే 1,13,600. అన్నిటికన్నా చవక అనుకున్నదే అన్నిటికన్నా ఖరీదైంది. చాలామంది రిపేరు ఖర్చు పన్నులో కలిసొస్తుందనుకుంటారు. అద్దె ఆదాయంపై 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ మీరు ఎంత ఖర్చుపెట్టినా, అసలు పెట్టకపోయినా ఒకేలా వస్తుంది. రంగుల బిల్లు విడిగా చూపించుకోలేరు.

మిగిలిన ఇద్దరి మధ్య తేడా 5,200. ఇక్కడ తేల్చాల్సింది వారంటీ. రెండో అతను ప్లంబింగ్‌కు ఆరు నెలలు అన్నాడు. అది పైపు లీకుకు మాత్రమే. లీకు వెతకడానికి గోడ కొడితే ఆ టైల్స్, సిమెంటు పని, మళ్లీ రంగు మీ ఖర్చే. మూడో అతను ఏడాది ఇస్తానన్నాడు, గోడను తిరిగి యథాస్థితికి తేవడంతో సహా. పైపు ముక్క ఖరీదు కొన్ని వందలే, గోడ తెరిచి మూయడానికే వేలు. అందుకే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెడితే నేను మూడో అతన్నే ఎంచుకుంటాను. రాయనంటే రెండో అతనికే ఇవ్వండి. పెయింట్ కంపెనీ వారంటీ ఉందని ఎవరన్నా చెబితే, అందులో కూలీ ఖర్చు ఉందో లేదో, చెమ్మ గోడకు వర్తిస్తుందో లేదో చదవండి.

అయితే మూడో అతని 12 రోజుల మీద నాకో అనుమానం ఉంది. నెలల తరబడి నీళ్లు పీల్చిన గోడ పైపు మార్చగానే ఆరిపోదు. తడి మీదే పుట్టీ పెడితే పొక్కులు లేస్తాయి. పెచ్చులన్నీ గీకేశాక, రెండడుగుల ప్లాస్టిక్ షీటు ఆ గోడకు నాలుగువైపులా టేపు వేసి ఒక రాత్రి ఉంచమనండి. పొద్దున లోపలివైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదన్నమాట. అలాగని ఇల్లంతా ఆపక్కర్లేదు. మిగతాదంతా 12 రోజుల్లో ముగించి, ఆ ఒక్క గోడకు రెండు మూడు వారాల తర్వాత వచ్చి వేస్తానని కొటేషన్‌లోనే రాయించండి. వచ్చే అద్దెదారుకు ముందే చెప్పి ఒప్పందంలో ఒక వాక్యం పెట్టుకుంటే అద్దె ఆగదు.

మీరు దూరాన ఉన్నారు కనుక రెండు వీడియోలు అడగండి. ఒకటి, గోడ మూయకముందు పైపు ప్రెషర్ టెస్టు. చివర్లు బిగించి చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, గేజ్ ముల్లు ఎక్కడుందో చూపించాలి, రెండు గంటల తర్వాత మళ్లీ చూపించాలి. ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. రెండోది, సీలు విప్పకముందు పెయింట్ బకెట్లు. మీ ఇంట్లో గోడలూ సీలింగూ కలిపి దాదాపు 3,000 చదరపు అడుగులు ఉంటాయి. రెండు కోటింగులు వేస్తే లీటరు సుమారు 100 నుంచి 120 అడుగులకు వస్తుంది, కాబట్టి 25 నుంచి 30 లీటర్లు పడుతుంది. మొదటి అతను ఒక్క 20 లీటర్ల బకెట్ చాలన్నాడు. సీలింగ్ కూడా కలిపాక అది చాలాలంటే నీళ్లు ఎక్కువ కలపాల్సిందే. కంపెనీ, రకం, లీటర్లు కొటేషన్‌లో రాయించుకుంటే బకెట్లు చూసి పోల్చుకోవచ్చు.

డబ్బు కూడా తేదీలను బట్టి ఇవ్వకండి, పనిని బట్టి ఇవ్వండి. మొదలెట్టినప్పుడు 20 శాతం, ప్రెషర్ టెస్టు వీడియో వచ్చాక 40, మిగతా గదుల్లో రెండో కోటు పూర్తయ్యాక 25. చివరి 15 శాతం, అంటే 15,600, ఆ చెమ్మ గోడకు రంగు పడ్డాకే.