మధ్య జట్లకు చివరిదాకా ఆట ఉండాలంటే

కావలిలో మా వాలీబాల్ లీగ్‌కి రెండు డివిజన్లు, పదేసి జట్లు. చివర్లో మధ్య జట్లు సరిగా ఆడట్లేదు. ప్లేఆఫ్ ఎలా పెట్టాలి?

కింది డివిజన్లో మొదటి జట్టు నేరుగా పైకి, పై డివిజన్లో పదోది నేరుగా కిందికి. కింద 2 నుంచి 5 స్థానాల వాళ్లకు ప్లేఆఫ్. అందులో గెలిచినవాళ్లు పైన తొమ్మిదో జట్టుతో ఆడాలి. 1987లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ ప్లేఆఫ్‌లు మొదలైనప్పుడూ పై డివిజన్ జట్టుని కలిపారు.

గెలుపుకి 2 పాయింట్లు, ఇంకా 3 మ్యాచ్‌లు ఉన్నాయనుకోండి. రెండో జట్టుకి 24, ఐదో జట్టుకి 18, ఏడో జట్టుకి 14. ఏడో జట్టు రెండో స్థానాన్ని అందుకోలేదు, ఐదుని అందుకోగలదు. అదే వాళ్ల టెన్షన్.

అలాగని ఏడో స్థానం దాకా పెంచకండి, పైవాళ్లు బద్ధకిస్తారు. రెండు, మూడు స్థానాలకు సొంత కోర్టు ఇవ్వండి. ఆఖరి రౌండ్ మ్యాచ్‌లన్నీ ఒకే టైముకి పెట్టండి, లేకపోతే లెక్కలు చూసుకుని ఆడతారు.