పెర్ట్ లెక్కలో ముందు అడగాల్సింది P

"పీఎంపీ పరీక్షకు చదువుతున్నా. పెర్ట్ ఫార్ములా బట్టీ పట్టేశా. కానీ దాన్ని పట్టుకుని మొత్తం రోజులు, స్టాండర్డ్ డీవియేషన్ ఎలా తీస్తారో ఎవరైనా నిజమైన పని మీద చేసి చూపిస్తారా?"

పెర్ట్ అంటే ఒక్కో పనికి మూడు అంచనాలు తీసుకుని ఎన్ని రోజులు పడుతుందో లెక్కగట్టే పద్ధతి. నేను అపార్ట్‌మెంట్ సైట్లలో ప్లానింగ్ చూస్తుంటాను కాబట్టి స్లాబ్ మీదే చెప్తాను. ఒక స్లాబ్ పోశాక పై స్లాబ్ పోసేదాకా పనులు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ముందు కాలమ్‌లు. తర్వాత బీములకీ స్లాబ్‌కీ సెంట్రింగ్. దాని మీద రాడ్ కట్టడం, కరెంటు పైపులు వేయడం. చివరికి చెకింగ్ అయ్యాక కాంక్రీట్. ముందుది అవకుండా వెనకది మొదలవదు కాబట్టి ఈ నాలుగూ క్రిటికల్ పాత్ మీదే ఉంటాయి, ఏది లేటైనా స్లాబ్ తేదీ జరుగుతుంది.

విజయవాడ దగ్గర ఒక సైటులో మీటింగ్ పెట్టి ప్రాజెక్ట్ మేనేజర్ ఒక్కొక్కరినీ "ఎన్ని రోజులు?" అని అడిగారు. కాలమ్‌లకు 4, సెంట్రింగ్‌కు 7, రాడ్ పనికి 4, కాంక్రీట్‌కు 2. మొత్తం 17. వెంటనే బోర్డు మీద రాసేశారు, బిల్డర్‌కు వాట్సాప్‌లో ఫొటో కూడా వెళ్ళిపోయింది. అసలు పది మంది ముందు నిలబెట్టి ఎన్ని రోజులని అడిగితే ఎవరైనా మంచి రోజు లెక్కే చెప్తారు. ఆలస్యం అవుతుందని అక్కడ ఒప్పుకునేంత ధైర్యం ఎవరికుంటుంది?

టీ టైమ్‌లో సెంట్రింగ్ మేస్త్రీ దగ్గర కూర్చుని ఇంకోలా అడిగాను. "మేస్త్రీ గారూ, ఇదే సైజు స్లాబ్ మీకు బాగా లేటైంది ఎప్పుడు?"

"అది లెక్కలోకి రాదు సార్. పదిహేను రోజులు పట్టింది. సగం జాకీలు మా ఓనర్ ఇంకో సైటుకు పంపేశాడు. ఇక్కడేమో కింద స్లాబ్ జాకీలు తీయనివ్వలేదు. దానికి తోడు పండక్కి కుర్రాళ్ళు ఊరెళ్ళి లేటుగా వచ్చారు."

"మరి తొందరగా అయింది?"

"సామానంతా రెడీగా ఉంటే అయిదు రోజుల్లో ఇచ్చేస్తాం."

"మామూలుగా?"

కాసేపు ఆలోచించి "ఏడే అనుకోండి" అన్నాడు. మీటింగ్‌లో టక్కున చెప్పిన ఏడు వేరు, ఈ ఏడు వేరు. పదిహేను ఎందుకైందో నెమరు వేసుకున్నాక చెప్పింది ఇది.

ఆ జాకీల సంగతి సాకు కాదు. కాంక్రీట్ పనుల కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఆరు మీటర్ల వరకు ఉన్న బీము కింద ప్రాప్‌లు, అంటే ఈ జాకీలు, 14 రోజులు ఉంచాలి, అంతకు మించితే 21 రోజులు. రెండో సెట్ సామాను లేకపోతే కింద స్లాబ్ వదిలేదాకా పైన పని నడవదు. పెర్ట్‌లో O అంటే అన్నీ కలిసొస్తే పట్టే రోజులు, M మామూలుగా పట్టేవి, P అన్నీ ఎదురు తిరిగితే పట్టేవి. P అనే అంకె వెనక ఇలాంటి కారణం ఒకటి ఉండాలి. కారణం లేని P దొంగ అంకె. చాలా ఎక్సెల్ షీట్లలో ప్రతి పనికీ M కి రెండు కలిపి P అని, రెండు తీసేసి O అని పెట్టేస్తారు. అప్పుడు సగటు సరిగ్గా M దగ్గరకే వచ్చి కూర్చుంటుంది. దానికి ఫార్ములా ఎందుకు చెప్పండి?

ఇక లెక్క. O అంటే అన్నీ కలిసొస్తే పట్టే రోజులు, M మామూలుగా పట్టేవి, P అన్నీ ఎదురు తిరిగితే పట్టేవి.

```
TE = (O + 4M + P) / 6
σ  = (P - O) / 6
```

సెంట్రింగ్‌కు O 5, M 7, P 15. నాలుగు ఏడులు 28. 5, 28, 15 కలిపితే 48. ఆరుతో భాగిస్తే 8. అంటే మేస్త్రీ ఏడన్న పనికి సగటు ఎనిమిది. అయిదుకీ ఏడుకీ మధ్య రెండు రోజులే ఉన్నాయి, ఏడుకీ పదిహేనుకీ మధ్య ఎనిమిది ఉన్నాయి. సగటు అటువైపు జరగక తప్పదు. సిగ్మా 15 లోంచి 5 తీసేసి ఆరుతో భాగిస్తే 1.67 రోజులు.

మిగతా వాళ్ళనీ ఇలాగే, లేటైన కథతో మొదలుపెట్టి అడిగాను. కాంక్రీట్ P తొమ్మిది చూసి ఆశ్చర్యపోకండి. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే రెడీమిక్స్ కాంక్రీట్ లారీలకు ఆర్డర్ ఇవ్వడానికే ధైర్యం చాలదు, వాన తగ్గాక పంపు దొరకదు.

```
పని         O   M   P    TE     σ     σ²
కాలమ్‌లు      3   4   8    4.5   0.83   0.69
సెంట్రింగ్     5   7  15    8.0   1.67   2.78
రాడ్, పైపులు   3   4   5    4.0   0.33   0.11
కాంక్రీట్      1   2   9    3.0   1.33   1.78
మొత్తం          17       19.5          5.36
```

TE లను నేరుగా కూడాలి. 19.5 రోజులు. బోర్డు మీద 17 ఉంది, ఇక్కడే రెండున్నర రోజుల తేడా వచ్చేసింది.

సిగ్మాలను మాత్రం కూడకూడదు. ఒక్కోదాన్ని వర్గం చేసి వేరియన్స్ తీయాలి, వేరియన్స్‌లు కూడాలి, చివర్లో వర్గమూలం తీయాలి. 5.36 వర్గమూలం 2.32 రోజులు. సిగ్మాలనే కూడేస్తే 4.17 వస్తుంది. నాలుగు పనులూ ఒకే స్లాబ్‌కి కలిసికట్టుగా లేటైతేనే అది నిజం. మామూలుగా కాలమ్‌లు ఒక రోజు లేటైతే రాడ్ పని అర రోజు ముందే అయిపోతుంది, కొంత అక్కడికక్కడే సర్దుకుంటుంది. ఇంకోటి గమనించారా, 5.36 లో సగానికి పైగా సెంట్రింగ్ ఒక్కదానిదే. రాడ్ బెండర్ మీద ఎంత అరిచినా ఈ స్లాబ్ తేదీ గట్టిపడదు. రెండో సెట్ జాకీలు తెప్పిస్తే గట్టిపడుతుంది.

ఇప్పుడు 17 రోజుల్లో అయ్యే అవకాశం ఎంత? 17 లోంచి 19.5 తీసేసి 2.32 తో భాగిస్తే z విలువ మైనస్ 1.08. నార్మల్ టేబుల్‌లో చూస్తే సుమారు 14 శాతం. బోర్డు మీద రాసి ఫొటో పంపిన తేదీ ఏడు స్లాబుల్లో ఒకదానికి అందుతుందన్నమాట. పదిలో తొమ్మిది సార్లు నిలబడే తేదీ కావాలంటే 19.5 కు 1.28 సిగ్మాలు కలపాలి. 22.5 రోజులు. నాలుగే పనులకు నార్మల్ టేబుల్ వాడటం కొంచెం మొరటు లెక్కే. అందుకే 22.4637 అని నాలుగు దశాంశాలు రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మేస్త్రీ గుర్తు తెచ్చుకుని చెప్పిన అంకెకు అంత నాజూకు ఎక్కడిది?

పరీక్షకు ఇంతవరకు చాలు. మీరు అడగకపోయినా అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను.

వర్గాలు కూడే పద్ధతి ఒక పని ఆలస్యానికీ ఇంకో పని ఆలస్యానికీ సంబంధం లేదనుకుంటేనే సరి. జూన్‌లో అది నడవచ్చు. అక్టోబర్‌లో అదే వాన సెంట్రింగ్‌నీ ఆపుతుంది, కాంక్రీట్‌నీ ఆపుతుంది. అప్పుడు నిజమైన సిగ్మా 2.32 కీ 4.17 కీ మధ్య ఎక్కడో ఉంటుంది. 4.17 పెట్టి చూస్తే పదిలో తొమ్మిది సార్లు నిలిచే తేదీ 22.5 నుంచి దాదాపు 25 కు జరుగుతుంది. సగటు మాత్రం 19.5 గానే ఉంటుంది, కదలదు. సగటు ఒక్కటే చూసుకునేవాళ్ళకు ఈ తేడా కనపడకపోవడం అందుకే.

రెండోది సిగ్మా ఫార్ములాలో భాగించే ఆ ఆరు. 1958 లో అమెరికా నేవీ పొలారిస్ క్షిపణి పని కోసం పెర్ట్ తయారుచేసినవాళ్ళు, O నుంచి P దాకా ఉన్న దూరం ఆరు సిగ్మాలని అనుకున్నారు. అంటే P అనేది ఇక అంతకు మించి జరగని చివరి గీత. ఆ బృందంలోని చార్లెస్ క్లార్క్ తర్వాత, 1962 లో, ఏ పనికి ఎన్ని రోజులు పడతాయన్న దాని పంపిణీ ఎలా ఉంటుందో తన దగ్గర సమాచారమేమీ లేదని రాశాడు. ఈ ఫార్ములాల వెనకున్న బీటా పంపిణీని ఎంచుకున్నది లెక్క సులువవుతుందని. పుస్తకాల్లో అదేదో ప్రకృతి నియమంలా అచ్చేస్తారు.

మన మేస్త్రీ చెప్పిన పదిహేను చివరి గీతా? కాదు. ఆయనకు అనుభవంలోకి వచ్చిన స్లాబుల్లో చెడ్డది, అంతే. ఇరవైలో ఒకసారి వచ్చేదని నా అంచనా. O అయినా అంతే, ఇరవైలో ఒకసారి కలిసొచ్చేది. అంకెలు అలాంటివైతే ఆరుతో కాదు, సుమారు 3.2 తో భాగించాలి. 1968 లో మోడర్, రోజర్స్ అనే ఇద్దరు చూపించింది ఇదే. అప్పుడు సెంట్రింగ్ సిగ్మా 1.67 కాదు, 3.1. మొత్తం సిగ్మా 2.32 నుంచి 4.3 కు పోతుంది, తేదీ మళ్ళీ 25 దగ్గరకే వస్తుంది. వాన వైపు నుంచి చూసినా, మేస్త్రీ జ్ఞాపకం వైపు నుంచి చూసినా 25 అంటోందంటే నేను 22.5 మీద సంతకం పెట్టను. ఆరుతో భాగించే ప్రతి సైటు లెక్కా తనకు తెలియకుండానే బిల్డర్ చెవికి ఇంపైన సిగ్మా ఇస్తుందని నా గట్టి నమ్మకం.

అందుకే P అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను. "ఇంతకన్నా లేటయ్యే స్లాబ్ ఇరవైలో ఎన్ని ఉంటాయి?" ఒకటంటే 3.2. ఒక్కటి కూడా ఉండదని కారణంతో సహా చెప్తే 6. ఆ మేస్త్రీ "ఒకటుంటుంది సార్, తుపానొస్తే ఎవరేం చేస్తారు" అన్నాడు. తేదీ దేంతో వేయాలో దాంతోనే తేలింది. బిల్డర్‌కు 25 అని చెప్పగానే "మొన్న 17 అన్నారు కదా" అన్నాడు, అది వేరే కథ.

పరీక్ష హాల్లో మాత్రం ఈ 3.2 జోలికి పోకండి, మార్కులు పోతాయి. ఆరుతో భాగించండి, వర్గాలు కూడండి, వర్గమూలం తీయండి. ఆప్షన్లలో సిగ్మాలను నేరుగా కూడితే వచ్చే అంకె కూడా ఒకటి పెడతారు. మన లెక్క అడిగితే ఒక ఆప్షన్‌లో 4.17 ఉంటుంది. దాన్ని టిక్ చేయకండి.