తొమ్మిది ఫండ్లలో ఏవి ఉంచాలి?

"అన్నా, మాది కొండాపూర్. తొమ్మిది ఫండ్లలో సిప్ నడుస్తోంది. మూడు లార్జ్ క్యాప్, ఒకటి నిఫ్టీ 50 ఇండెక్స్, రెండు స్మాల్ క్యాప్, మిగతావి ఫ్లెక్సీ క్యాప్. ఏవి తీసెయ్యాలి?"

తమ్ముడూ, ముందు ఆ లార్జ్ క్యాప్‌ల సంగతి చూడు. వాటిలో కనీసం 80 శాతం డబ్బు మార్కెట్లోని టాప్ 100 కంపెనీల్లోనే ఉండాలని సెబీ నిబంధన. అందుకే అన్నిట్లోనూ అవే పేర్లు తిరుగుతుంటాయి.

ఫండ్ హౌస్ సైట్లలో నెలనెలా పోర్ట్‌ఫోలియో ఎక్సెల్ ఫైల్ పెడతారు. ఒకే నెలవి రెండు తీసుకో. రెండింట్లోనూ ఉన్న ప్రతి కంపెనీకి తక్కువ శాతాన్ని మాత్రమే కూడు. ఒకదాంట్లో ఒక బ్యాంకు షేరు 9, ఇంకోదాంట్లో 6 ఉంటే లెక్కకు వచ్చేది 6. కలిసిన పేర్లు ఎన్నో లెక్కపెట్టి లాభం లేదు, శాతాలే ముఖ్యం. ఆ కూడిక మొత్తమే ఓవర్‌ల్యాప్. అది 50 శాతం దాటితే రెండిట్లో ఒకటి చాలు. నన్నడిగితే ఇండెక్స్ ఉంచి, ఆ మూడూ తీసేస్తా, ఖర్చు కూడా తగ్గుతుంది. స్మాల్ క్యాప్‌లలో ఓవర్‌ల్యాప్ తక్కువే కనిపిస్తుంది, అయినా పడేటప్పుడు రెండూ కలిసే పడతాయి. ఒకటి చాలు.

తీసేసేవాటి సిప్‌లు ఇవాళే ఆపు, అమ్మకం మాత్రం నిదానంగా. ఏడాది నిండని యూనిట్ల లాభంపై 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో ముందే అమ్మితే కోసుకునే ఎగ్జిట్ లోడ్ అదనం. ఏడాది దాటినవాటిపై ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. లాభం 2 లక్షలుంటే 1.25 లక్షల మేర మార్చిలోపు, మిగతాది ఏప్రిల్‌లో అమ్ము. నేరుగా కొన్న షేర్ల లాభం కూడా ఆ పరిమితిలోకే వస్తుంది, చూసుకో.